‘అలాగే సార్’ వెనుక ఏముంది: ఒక కుర్ర ఏఈ, ఒక సీనియర్ లైన్ ఇన్‌స్పెక్టర్ కేసు

విద్యుత్ పంపిణీ శాఖలో డివిజనల్ ఇంజినీరుగా రిటైరయ్యాక, కొత్తగా చేరే అసిస్టెంట్ ఇంజినీర్లకు మొదటి రెండేళ్లు తోడుగా ఉండే పని చేస్తున్నాను. వాళ్లు ఫోన్ చేస్తారు, అవసరమైతే నేనే సెక్షన్‌కు వెళ్తాను. ఈ కేసు ఆ పనిలో ఎదురైందే. ఊరు, పేర్లు, మనుషులను గుర్తుపట్టగలిగే వివరాలు వదిలేశాను. అసిస్టెంట్ ఇంజినీరును ఏఈ అని, లైన్ ఇన్‌స్పెక్టర్‌ను ఎల్ఐ అని మాత్రమే అంటాను. ఇందులో నేనిచ్చిన ఒక సలహా తప్పింది. అది కూడా రాస్తున్నాను, ఎందుకంటే ఈ కేసులో ఎక్కువ నేర్పింది ఆ తప్పే.

నేపథ్యం

ఏఈకి 26 ఏళ్లు. బీటెక్ ఎలక్ట్రికల్, రాత పరీక్షలో మంచి ర్యాంకు, కొద్ది వారాల శిక్షణ, ఆ వెంటనే ఒక గ్రామీణ సెక్షన్ బాధ్యత. ఎల్ఐకి 57 ఏళ్లు. హెల్పర్‌గా చేరి, స్తంభాలు ఎక్కుతూ ఎక్కుతూ ఎల్ఐ దాకా వచ్చిన మనిషి. సర్వీసు 34 ఏళ్లు. ఆ సెక్షన్‌లో ఏ పొలం గట్టు మీద ఏ స్తంభం ఉందో, ఏ ఇన్సులేటర్ తొలకరికి చిట్లుతుందో మ్యాప్ చూడకుండా చెప్పగలడు. రైతులు ఆయన్ని ‘పెద్దాయన’ అంటారు. కింద ఉన్న లైన్‌మన్లు, జూనియర్ లైన్‌మన్లు అందరూ పని నేర్చుకున్నది ఆయన దగ్గరే.

ఏఈ చేరిన మొదటి వారంలోనే ఆయన్ని ‘బాబాయ్’ అనడం మొదలుపెట్టాడు. పల్లెటూరి పిల్లాడు, వాళ్ల నాన్న వయసువాడు, నోటికి సహజంగానే వచ్చింది. ఎల్ఐ మాత్రం ఆ కుర్రాణ్ణి ‘సార్’ అనేవాడు. ఉదయం కలిసి టీ తాగేవారు. బయటి నుంచి చూస్తే ఏ గొడవా లేని సెక్షన్.

ఏం జరిగింది

జూన్‌లో ఒక రాత్రి ఈదురుగాలికి ఒక ఊరి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఫీజు పోయింది. ఎల్ఐ ఒక జూనియర్ లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని వెళ్లాడు. దగ్గర్లోనే ఉన్న ఏఈ కూడా వచ్చాడు. స్ట్రక్చర్ ఎక్కాలంటే నిబంధన ఏమిటంటే, ముందు సబ్‌స్టేషన్ నుంచి ఆ ఊరికి కరెంటు తెచ్చే 11 కేవీ లైను, అంటే ఫీడర్ మీద లైన్ క్లియర్, అంటే ఎల్‌సీ తీసుకోవాలి. ఆపరేటర్ బ్రేకర్ తీసి, లాగ్‌బుక్‌లో టైమ్ రాసి, ఎల్‌సీ నంబరు ఇస్తాడు. ఆ తర్వాత పనిచేసే చోట లైన్‌ను విడదీసే ఏబీ స్విచ్ దించి, లైన్లో కరెంటు లేదని చూసుకుని, ఎర్త్ రాడ్లతో షార్ట్ చేసి, అప్పుడు ఎక్కాలి.

ఆ రాత్రి ఎల్‌సీ తీసుకోలేదు. ఎల్ఐ ఏబీ స్విచ్ హ్యాండిల్ కిందికి లాగి, కుర్రాణ్ణి ‘ఎక్కరా’ అన్నాడు. వాడు సగం ఎక్కాక ఏఈ టార్చి పైకి వేసి చూశాడు. మూడు బ్లేడుల్లో రెండు తెరుచుకున్నాయి, మధ్యది అతుక్కునే ఉంది. హ్యాండిల్ కిందికి వచ్చినంత మాత్రాన మూడు ఫేజులూ విడిపోయినట్టు కాదు. తుప్పు పట్టినా, రాడ్డు వంగినా ఒక బ్లేడు ఆగిపోతుంది. కింద నుంచి, చీకట్లో అది కనపడదు. అంటే ఆ కుర్రాడు చెయ్యి పెట్టబోయే ఫీజుల్లో ఒకదానికి 11 వేల వోల్టులు అలాగే ఉన్నాయి.

ఏఈ ‘దిగు, దిగు’ అని అరిచాడు. ఎల్ఐ పైకి చూశాడు, హ్యాండిల్ పైకి ఎత్తి మళ్లీ రెండుసార్లు గట్టిగా లాగాడు, బ్లేడు విడిపోయింది. చుట్టూ ఇరవై మంది రైతులు నిలబడి ఉన్నారు. ఆయన మామూలు గొంతుతోనే అన్నాడు: ‘ముప్ఫై నాలుగేళ్లుగా ఎక్కుతున్నాం సార్, మీరు కొంచెం పక్కకు నిలబడండి.’ ఏఈ పక్కకు నిలబడ్డాడు. కుర్రాడు ఎక్కాడు, ఫీజు కట్టాడు, దిగాడు. పావుగంటలో ఊరికి కరెంటు వచ్చింది. రైతులు ఎల్ఐకి దండం పెట్టారు.

ఆ రాత్రి పదకొండున్నరకు ఏఈ నాకు ఫోన్ చేశాడు. ‘నేను పక్కకు ఎందుకు జరిగానో నాకే అర్థం కావడం లేదు సార్’ అన్నాడు.

మొదటి ప్రయత్నం: ఒంటరిగా చెప్పి చూడటం

మర్నాడు ఏఈ తనంతట తానే ఎల్ఐని పక్కకు పిలిచి, ‘బాబాయ్, ఇకనుంచి ఎల్‌సీ లేకుండా వద్దు, నా మాట వినండి’ అని అడిగాడు. ఆయన ‘అలాగే సార్’ అన్నాడు. నాలుగు రోజుల తర్వాత మళ్లీ ఎల్‌సీ లేకుండానే పని జరిగింది. ఏఈకి అది అబద్ధమనిపించింది. నాకు అలా అనిపించలేదు. మన ఆఫీసుల్లో పెద్దవయసు ఉద్యోగి కుర్ర ఆఫీసరుతో ‘అలాగే సార్’ అన్నాడంటే, మీ మాటకు ఎదురు చెప్పి మిమ్మల్ని చిన్నబుచ్చను అని అర్థం. చెప్పిన పని చేస్తానని మాట ఇచ్చినట్టు కాదు. ఈ రెండింటికీ తేడా తెలియక చాలామంది కొత్త ఏఈలు నెలల తరబడి మోసపోయామనుకుంటూ కుమిలిపోతారు.

ఇంకొకటి కూడా ఉంది. ‘బాబాయ్’ అన్న పిలుపు టీ దగ్గర బాగుంటుంది. కానీ బాబాయ్‌కి కొడుకు వరసవాడు చెప్పేది విన్నపం అవుతుంది గానీ ఆర్డరు కాదు. విన్నపాన్ని మన్నించాలా వద్దా అన్నది పెద్దవాడి ఇష్టం. ఏఈ తనకు తెలియకుండానే, ప్రాణం మీదికి వచ్చే నిబంధనను ఇంటి వరసల్లోకి తెచ్చి పెట్టాడు.

రెండో ప్రయత్నం: నా సలహా మీద మెమో

ఇక్కడ తప్పు నాది. మెమో ఇవ్వమన్నాను. రేపు ఏదైనా జరిగితే ఏఈ మీదికే వస్తుంది, రాతపూర్వకంగా హెచ్చరించినట్టు ఉండాలి అన్నది నా ఆలోచన. చట్టం వైపు నుంచి అది సరైనదే. కానీ దాన్ని ఎలా ఇవ్వాలో నేను చెప్పలేదు. సెక్షన్ ఆఫీసులో ఉదయం అందరూ పనులు పంచుకునే వేళ, నలుగురి ముందు ఏఈ దాన్ని ఎల్ఐ చేతికి ఇచ్చి సంతకం తీసుకున్నాడు. ఆయన సంతకం పెట్టి, కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆయన ఒక్క నిబంధనా తప్పలేదు, ఒక్క మాటా ఎక్కువ మాట్లాడలేదు. కిందివాళ్లూ అంతే. పది రోజులకు వానలో ఒక ఫీడర్ ట్రిప్ అయింది. ఏఈ ఇద్దరిని తీసుకుని లైన్ వెంట ఐదు గంటలు నడిచాడు. చివరికి మామిడితోట మధ్యలో ఒక పిన్ ఇన్సులేటర్ చిట్లి కనపడింది. అది ప్రతి ఏడాదీ చిట్లే చోటేనని ఎల్ఐకి తెలుసు. ఏఈ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఊరివాళ్లు ఏఈ పైఅధికారి ఏడీఈకి ఫోన్ చేశారు, ఏడీఈ ఏఈని పిలిచి ‘పెద్దాయనతో సర్దుకుపోవయ్యా’ అన్నారు.

పోనీ ఎల్‌సీలైనా తీసుకుంటున్నారా? లాగ్‌బుక్ చూస్తే చక్కగా ఉంది. అనుమానం వచ్చింది ఆ చక్కదనం చూసే. టైములన్నీ పది గంటలు, పదకొండున్నర, మూడు గంటలు. ఫీల్డులో ఏ పనీ అంత గుండ్రని టైముకు మొదలవదు. కొన్ని వరుసలు ఒకేసారి, ఒకే పెన్నుతో రాసినట్టున్నాయి. అప్పుడు ఏఈకి ఒక పని చెప్పాను. బ్రేకర్ ప్యానెల్ మీద ఒక కౌంటర్ ఉంటుంది, బ్రేకర్ ఆపరేట్ అయినప్పుడల్లా ఒక అంకె పెరుగుతుంది. ఒక ఫీడర్‌కు రెండు వారాల లెక్క తీయించాను. లాగ్‌బుక్ ప్రకారం వేర్వేరు సమయాల్లో 11 ఎల్‌సీలు, 5 ట్రిప్పింగులు. కౌంటర్ కనీసం 16 పెరగాలి. పెరిగింది 9. అంటే ఏడు ఎల్‌సీలు కాగితం మీదే ఉన్నాయి. పని అయిపోయాక ఆపరేటర్‌తో రాయించుకున్నవి.

ఆ లెక్క చూసి నాకు భయం వేసింది. మెమోకు ముందు ఎల్‌సీ లేదని కనీసం కనపడేది. మెమో తర్వాత ఉందని కనపడుతోంది, లేదు. ఈ లెక్కతో ఎల్ఐ మీద చర్య తీసుకుందామని ఏఈ అన్నాడు. నేను ఆపాను. ఏడుసార్లు ఒక అనుభవజ్ఞుడు, ఒక ఆపరేటర్, ఇద్దరు ముగ్గురు లైన్‌మన్లు కలిసి ఒక నిబంధన చుట్టూ తిరిగి వెళ్లారంటే, ఆ నిబంధన దారిలో ఎక్కడో అడ్డు ఉందన్నమాట. అదేమిటో తెలుసుకోకుండా శిక్షిస్తే ఈసారి కౌంటర్‌ను కూడా కలిసేలా చేస్తారు.

ఎల్ఐతో కూర్చున్న సాయంత్రం

నేనే వెళ్లాను. నాకూ ఆయనకూ వయసులో పెద్ద తేడా లేదు, అది కలిసొచ్చింది. ‘ఎల్‌సీ ఎందుకు తీసుకోవడం లేదు’ అని అడగలేదు. అలా అడిగితే సంజాయిషీ వస్తుంది. ‘రైతు ఫోన్ చేసినప్పటి నుంచి కరెంటు వచ్చేదాకా మీ పని ఎలా నడుస్తుందో వరుసగా చెప్పండి’ అన్నాను. గంటన్నర చెప్పాడు. మూడు సంగతులు బయటపడ్డాయి.

ఒకటి, టైము. ఆ సబ్‌స్టేషన్‌లో ఏఈ ఫోన్‌లో సరే అంటేనే ఆపరేటర్ ఎల్‌సీ ఇవ్వాలన్న పద్ధతి ఉంది. ఏఈ మీటింగులో ఉంటే, ఫోన్ ఎంగేజ్ వస్తే, అరగంట, నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ ఎల్ఐ మడి గట్టు మీద రైతుల తిట్లు తింటూ నిలబడాలి.

రెండోది చెప్పడానికి ఆయనకు ఇబ్బందైంది. ఆపరేటర్ కాంట్రాక్టు మీద చేరిన ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. ‘వాడికి బ్రేకర్ అంటే ఏంటో నేర్పింది నేను. ఇప్పుడు వాడిని ఎల్‌సీ ఇవ్వవయ్యా అని అడుక్కోవాలి’ అన్నాడు. మేమంతా ఏఈకీ ఎల్ఐకీ మధ్య సమస్య అనుకుంటున్నాం. ఆయనకు బాధ కలిగించే చోటు ఇంకో మెట్టు కింద ఉంది.

మూడోది నేను ఊహించనిది. ఆయన కొత్తగా చేరిన రోజుల్లో, ఒక తోటి లైన్‌మన్ ఎల్‌సీ తీసుకుని స్తంభం మీద ఉండగా, అదే ఫీడర్ మీద వేరే చోట పని ముగించుకున్న ఇంకొకరు ఎల్‌సీ రిటర్న్ చేశారు. ఆపరేటర్ రెండూ ఒకటే అనుకుని లైన్ ఛార్జ్ చేశాడు, అంటే కరెంటు వదిలాడు. ‘ఎల్‌సీని నమ్మి పోయినవాణ్ణి కిందికి దించింది నేను. అప్పటినుంచి నా చేత్తో దించిన స్విచ్‌నే నమ్ముతాను’ అన్నాడు.

ఆ మాట విన్నాక కేసు మొత్తం వేరేగా కనపడింది. ఏఈకి ఈయన మొండివాడు. ఈయన దృష్టిలో ఏఈ, కాగితాన్ని నమ్మి పిల్లలను స్తంభం ఎక్కించే అనుభవం లేని ఆఫీసరు. ఇద్దరి భయమూ ఒకటే. చెరొకరు ఒక్కో రక్షణను పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తున్నారు. స్విచ్ ఒక్కటే నమ్మితే మధ్య బ్లేడు చంపుతుంది. ఎల్‌సీ ఒక్కటే నమ్మితే పొరపాటు రిటర్న్ చంపుతుంది.

ఏవి పనిచేశాయి

ముందు తేల్చుకోవాల్సింది మెమో సంగతి. ఏఈ దాన్ని వెనక్కి తీసుకుంటానన్నాడు. వద్దన్నాను. వెనక్కి తీసుకుంటే నిబంధనే బేరానికి వచ్చినట్టు. దానికి బదులు ఎల్ఐ తన జవాబులో ఈ మూడు సంగతులూ రాశాడు, ఏఈ వాటిని ‘ఎల్ఐ గారి సూచనలు’ అని పైన రాసి ఏడీఈకి పంపాడు. నిందగా వెళ్లిన కాగితం సూచనగా తిరిగొచ్చింది. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పాల్సిన పని పడలేదు. నలుగురి ముందు పోయిన మర్యాద నాలుగు గోడల మధ్య తిరిగి రాదు. అందుకే ఏడీఈ ఆమోదం వచ్చిన రోజు, మెమో ఇచ్చిన అదే ఉదయం వేళ, అదే గదిలో చదివించాం.

మారింది రెండు విషయాలు. ఫీడర్‌వారీగా ఎవరు ఎల్‌సీ తీసుకోవచ్చో పేర్ల జాబితా ముందే ఆమోదించి సబ్‌స్టేషన్ గోడకు పెట్టారు. జాబితాలో పేరున్నవాళ్లకు ఆపరేటర్ నేరుగా ఇచ్చి, ఏఈకి మెసేజ్ పెడతాడు. ఇక అడుక్కోవడం లేదు. పేరు చెప్తే ఇవ్వడం ఆపరేటర్ డ్యూటీ. టైము పది నిమిషాల లోపుకు వచ్చింది. రెండోది రహస్య పదం. ఎల్‌సీ తీసుకునేవాడు ఒక మాట చెప్తాడు, ఊరి పేరో దేవుడి పేరో. ఆపరేటర్ దాన్ని లాగ్‌బుక్‌లో రాసుకుంటాడు. ఒకే ఫీడర్ మీద ఎన్ని ఎల్‌సీలు ఉన్నా, ప్రతి ఒక్కటీ దాని పదంతోనే రిటర్న్ కావాలి. అన్నీ రిటర్న్ అయితేనే ఛార్జ్. ఇది ఎల్ఐకి నచ్చింది, ఎందుకంటే ఆయన స్నేహితుణ్ణి బతికించి ఉండేది ఇదే.

పిలుపు విషయంలో ఏఈకి కష్టమైంది. డ్యూటీలో ‘బాబాయ్’ మానేసి, పేరు పెట్టి ‘గారు’ అనమన్నాను. దూరం పెట్టినట్టు ఉంటుందేమోనని భయపడ్డాడు. నిజానికి ‘గారు’ అనగానే ఎల్ఐ హోదాకు గౌరవం దక్కింది, ఏఈకి ఆర్డరు వేసే చోటు దక్కింది. ఆయన ఇంటికి వెళ్లినప్పుడు మాత్రం ‘బాబాయ్’ అనే పిలుస్తున్నాడు.

ఉదయం పనులు పంచేటప్పుడు వరుస కూడా మార్చాం. అంతకుముందు ఏఈ నిర్ణయం చెప్పి, ‘మీరేమంటారు’ అని ఎల్ఐని అడిగేవాడు. అప్పుడు పెద్దాయనకు మిగిలేవి రెండే దారులు, తలూపడం లేదా ఎదురు చెప్పడం. మంచివాడు కాబట్టి తలూపేవాడు. ఇప్పుడు ముందు ఎల్ఐ లైన్ల పరిస్థితి చెప్తాడు, ఎక్కడ ఏది బలహీనంగా ఉందో. ఆ తర్వాత ఏఈ పనులు వేస్తాడు. నిర్ణయం ఏఈదే. కానీ ఆయనకు తెలిసింది అందులో కలిసి ఉంటుంది.

వీటన్నింటికంటే ఎక్కువ పనిచేసింది మేం ప్లాన్ చేయనిది. ఏ స్థాయివాడైనా ‘ఆగండి’ అంటే పని ఆపాలని కూడా ఒక నియమం పెట్టుకున్నాం. అది మొదలైన రెండో వారంలో, ఒక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎల్‌సీ ఏఈయే తన పేరు మీద తీసుకున్నాడు. ఏబీ స్విచ్ దించాడు, బ్లేడులు చూశాడు, 11 కేవీ వైపు షార్ట్ చేయించాడు. లైన్‌మన్ ఎక్కబోతుంటే ఎల్ఐ ‘ఆగండి సార్. ఆ ఫంక్షన్ హాల్ జనరేటర్ చూశారా?’ అన్నాడు. హాల్లో పెళ్లి జరుగుతోంది, జనరేటర్ నడుస్తోంది. జనరేటర్‌నూ బయటి లైన్‌నూ కలవకుండా చూసే చేంజోవర్ స్విచ్ సరిగా లేకపోతే ఆ జనరేటర్ కరెంటు ఇళ్లకు వెళ్లే ఎల్‌టీ లైన్లోకి వచ్చి, ట్రాన్స్‌ఫార్మర్‌లో వెనక్కి ఎక్కి, పైవైపు మళ్లీ 11 వేల వోల్టులవుతుంది. ఎల్‌టీ వైపు విడదీయడం, షార్ట్ చేయడం ఏఈ మరిచిపోయాడు.

ఏఈ అక్కడే, అందరి ముందు, ‘నేను చూడలేదు, మీరు చెప్పకపోతే ఎక్కించేవాణ్ణి’ అన్నాడు. ఆఫీసుకు వచ్చి రిజిస్టర్‌లో తన చేత్తో రాశాడు: ఏఈ ఎల్‌టీ ఎర్తింగ్ మరిచినందున ఎల్ఐ గారు పని ఆపించారు. మూడు వారాల తర్వాత ఇంకో చోట ఏఈ ‘ఆగండి’ అన్నప్పుడు, అదే ఎల్ఐ మారుమాట లేకుండా కుర్రాణ్ణి దించాడు. జూన్ రాత్రి ఆగని మనిషి ఇప్పుడెందుకు ఆగాడని ఆలోచించాను. ఆ రాత్రి ‘దిగు’ అన్నది ఆయన 34 ఏళ్ల మీద తీర్పులా పడింది. ఇప్పుడది ఏఈకి కూడా వర్తించిన మాట, పైగా మొదట వాడింది ఆయనే.

కుదరనిది, మిగిలింది

ఒక లైన్‌మన్, 52 ఏళ్లవాడు, మారలేదు. రెండు నెలలు చూశాం. మాట్లాడాం, ఎల్ఐ కూడా మాట్లాడాడు. నాలుగో నెలలో మళ్లీ కౌంటర్ లెక్క తీస్తే రెండు ఫీడర్లలో సరిగ్గా కలిసింది, అతని ఫీడర్‌లో రెండు ఎల్‌సీలు తేడా వచ్చాయి. ఏఈ అతన్ని స్తంభం ఎక్కే పని నుంచి తప్పించి సబ్‌స్టేషన్ డ్యూటీకి మార్చాడు. ఎల్ఐ వద్దన్నాడు, పాతికేళ్ల తోడు. ఏఈ ఆయన చెప్పిందంతా కూర్చుని విన్నాడు, అయినా మార్చాడు. నెల రోజులు ఎల్ఐ ఉదయం టీకి రాలేదు. లైన్ల పరిస్థితి మాత్రం రోజూ వచ్చి చెప్పాడు. టీ మానేసినా పని మానలేదంటే, ఆ రెండూ వేరయ్యాయని నేను అర్థం చేసుకున్నాను. అంతకుముందు ఆ సెక్షన్‌లో అవి రెండూ ఒకటే.

ఈ కేసు తర్వాత నా సలహాల్లో కొన్ని మారాయి. మెమో అవసరమైతే ఇవ్వమంటాను గానీ, అంతకుముందు ఆ పెద్దవయసు ఉద్యోగి నోటి నుంచి పని మొత్తం ఒకసారి వరుసగా వినమంటాను. ‘అలాగే సార్’ అన్న జవాబు వస్తే, ‘ఇది చేయబోతే ఎక్కడ ఆగిపోతుంది?’ అని ఇంకో ప్రశ్న వేయమంటాను. ఆ ప్రశ్నకు ఎదురు చెప్పకుండానే ఇబ్బంది చెప్పొచ్చు, అందుకే జవాబు వస్తుంది. నిబంధన పాటిస్తున్నారా లేదా అన్నది రిజిస్టర్‌లో కాకుండా, మనుషుల చేత రాయించలేని చోట చూడమంటాను. మాకు అది బ్రేకర్ కౌంటర్.

దీనికి ఒక హద్దు ఉంది. ఇదంతా నడిచింది ఏడీఈ జాబితా మీద సంతకం పెట్టారు కాబట్టి. ఆయన రెండోసారి కూడా ‘సర్దుకుపో’ అని ఉంటే, ఆ ఏఈ దగ్గర ‘గారు’ అన్న పిలుపు తప్ప ఏమీ మిగిలేది కాదు. ఆ తర్వాత ఇలాంటిదే ఇంకో సెక్షన్‌లో పైఅధికారి ఒప్పుకోలేదు. అక్కడ ఎల్‌సీకి ఇప్పటికీ నలభై నిమిషాలు పడుతోంది. ఆ ఏఈ వారానికోసారి నాకు ఫోన్ చేస్తూనే ఉంది.